బాంబే గ్రూప్: ‘ఓ’ అని తేలిన ప్రతి ఒక్కరికీ హెచ్ పరీక్ష చేయాలా?

శ్రావణి: ఓ అని కార్డులో రాసి ఉన్నవాళ్లలో కొందరిది నిజానికి బాంబే గ్రూప్ అని, వాళ్లకు ఓ రక్తం ఎక్కిస్తే ప్రాణానికే ముప్పని చదివాను. అలాంటప్పుడు ఓ వచ్చిన ప్రతి ఒక్కరికీ హెచ్ పరీక్ష ఎందుకు చేయరు? ఎలాగూ ఎక్కించే ముందు దాత కణాలను రోగి సీరంతో కలిపి చూసే క్రాస్‌మ్యాచ్ చేస్తారు కాబట్టి అది చాలనుకుంటారా?

మురళీధర్: క్రాస్‌మ్యాచ్ చాలండి. లక్షల మందికి టెస్టు చేసి ఒకరిద్దరిని పట్టుకోవడం వృథా ఖర్చు. అంత అనుమానం ఉంటే ఓ నెగెటివ్ ఎక్కిస్తే సరి, అది ఎవరికైనా పడుతుంది.

రమాదేవి (బ్లడ్ బ్యాంక్): మురళీధర్ గారూ, క్రాస్‌మ్యాచ్ గురించి మీరన్నది చాలావరకు నిజమే. ఓ నెగెటివ్ మాట మాత్రం ప్రమాదకరం. నెగెటివ్ అంటే ఆర్‌హెచ్ డి లేదని మాత్రమే. హెచ్ సంగతి వేరు. ఏ, బి యాంటిజెన్లకు హెచ్ పునాది లాంటిది. ఓ వాళ్లలో ఆ పునాది మీద ఏదీ కట్టరు, అందుకే వాళ్ల ఎర్రకణాల మీద హెచ్ అందరికంటే ఎక్కువగా కనిపిస్తుంది. బాంబే వాళ్లలో పునాదే లేదు. వాళ్ల శరీరం హెచ్‌ని పరాయిదిగా చూసి, రక్తం ఎప్పుడూ ఎక్కించుకోకపోయినా దాని మీద దాడి చేసే యాంటీ-హెచ్ అనే యాంటీబాడీని తయారుచేసుకుంటుంది. కాబట్టి ఓ పాజిటివైనా, నెగెటివైనా వాళ్లకు పడవు.

మా దగ్గర జరిగిన ఒక కేసు చెబుతాను. గర్భసంచి ఆపరేషన్ కోసం ఒకామె వచ్చారు, హిమోగ్లోబిన్ 7. ఎక్కడో క్యాంపులో స్లైడ్ మీద చూసి ఓ పాజిటివ్ అని కార్డిచ్చారు. మేం రెండు ఓ యూనిట్లు క్రాస్‌మ్యాచ్ పెడితే రెండూ గట్టిగా ముద్దకట్టాయి. వేరే యూనిట్లు తీసి పెట్టినా అదే ఫలితం. యూనిట్లన్నీ చెడిపోవు కదా, తేడా ఆమె సీరంలోనే ఉండాలి. ఆమె సీరాన్ని ఆమె కణాలతోనే కలిపాం, ఏమీ కాలేదు. అంటే తన కణాల మీద తనే దాడి చేసే యాంటీబాడీ కాదు, అందరికీ ఉండి ఆమెకు లేనిదాని మీద పనిచేసేది. తరువాత హెచ్ ఉన్న కణాలను ముద్దకట్టించే యాంటీ-హెచ్ లెక్టిన్ వేశాం. మామూలు ఓ కణాలు వెంటనే ముద్దకట్టాయి, ఆమెవి కట్టలేదు. దాంతో బాంబే అని గట్టి అనుమానం వచ్చి, నిర్ధారణకు పెద్ద ల్యాబ్‌కు పంపించాం.

వెంకట్: నాకు సంబంధించిన విషయం ఒకటి. మా అమ్మది, నాన్నది ఓ గ్రూపే. చెల్లిది ఏ. ఇంట్లో దీని మీద చాలా గొడవలయ్యాయి. ఇద్దరు ఓ వాళ్లకు ఏ పుట్టడం అసాధ్యం అంటారు. బాంబే గ్రూప్ వల్ల అలా జరుగుతుందా?

రమాదేవి: జరగొచ్చండి. బాంబే మనిషిలో ఏ జన్యువు ఉన్నా, పునాది లేక అది బయటపడదు. ఉదాహరణకు అమ్మలో అలా దాగిన ఏ ఉండి, నాన్న నుంచి మామూలు హెచ్ జన్యువు వస్తే బిడ్డలో ఏ కనిపిస్తుంది. కానీ ముందు మిగతా కారణాలు చూడండి. పాత రిపోర్టు తప్పవడం, బలహీనమైన ఏ రకం స్లైడ్ మీద ఓ లాగా కనిపించడం చాలా ఎక్కువ. ముగ్గురి గ్రూప్ బ్లడ్ బ్యాంక్‌లో ట్యూబ్ పద్ధతిలో, సీరంను కూడా పరీక్షించే రివర్స్ గ్రూపింగ్‌తో సహా చేయించండి. అది తేలకుండా ఇంట్లో ఎవరినీ అనుమానించొద్దు, దయచేసి.

డా. సుధాకర్ (మత్తుమందు వైద్యుడిని): క్రాస్‌మ్యాచ్ చాలన్న మాటను నేను ఒప్పుకోను. కాన్పు తరువాత ఆగని రక్తస్రావంలో క్రాస్‌మ్యాచ్ లేకుండానే ఓ రక్తం తెప్పిస్తాం. ఆ రోగి బాంబే అయితే? యాంటీ-హెచ్ శరీర ఉష్ణోగ్రతలోనూ పనిచేస్తుంది, ఎక్కించిన కణాలను రక్తనాళాల్లోనే పగలగొడుతుంది. వణుకు, నడుంనొప్పి, బీపీ పడిపోవడం, మూత్రం కోకాకోలా రంగులోకి మారడం, ఆ తరువాత కిడ్నీలు. మత్తులో ఉన్న మనిషి నొప్పి చెప్పలేదు. నాకు ముందు కనిపించేది మూత్రం సంచీలో రంగు, కారణం తెలియకుండా పడిపోతున్న బీపీ. రక్తస్రావంలో ఆ బీపీ కూడా ఏమీ తేల్చి చెప్పదు. అందుకే ఓ వచ్చిన ప్రతి గర్భిణికీ లెక్టిన్ పరీక్ష తప్పనిసరి అంటాను.

రమాదేవి: మీ భయం సరైనదే డాక్టర్ గారూ. కానీ లెక్టిన్ ఒక్కటే దారి కాదు. రివర్స్ గ్రూపింగ్‌లో సాధారణంగా ఏ, బి కణాలతో సీరం కలిపి చూస్తాం. ఓ వాళ్లలోనూ, బాంబే వాళ్లలోనూ రెండూ ముద్దకడతాయి, తేడా తెలియదు. మూడో ట్యూబులో ఓ కణాలు వేస్తే మామూలు ఓ సీరంలో ఏమీ కాదు, బాంబేలో గట్టిగా ముద్దకడుతుంది. దానికి ప్రత్యేక రియేజెంట్ అక్కర్లేదు, ఓ దాత కణాలు కడిగి పెట్టుకుంటే చాలు. అయితే ముద్దకట్టినంత మాత్రాన బాంబే అనకూడదు. చలికి పనిచేసే కొన్ని హానిలేని యాంటీబాడీలూ అలాగే చేస్తాయి. సొంత కణాలతో కూడా ముద్దకడితే అనుమానం అటు వెళ్తుంది. సొంత కణాలతో ముద్దకట్టకపోతే లెక్టిన్ అప్పుడు తీయాలి, అందరికీ కాదు.

ఇంకొకటి. ఊపిరి తీసుకునే సమయం లేని ఎమర్జెన్సీలో కూడా గది ఉష్ణోగ్రతలో కొద్ది నిమిషాల క్రాస్‌మ్యాచ్ పెట్టొచ్చు. యాంటీ-హెచ్ అందులోనే బయటపడుతుంది. దానికీ ఆగలేని రోగి దగ్గర మాత్రం మీ వాదనకు నా దగ్గర జవాబు లేదు. ముందే తెలిసి ఉండటమే రక్షణ.

శ్రావణి: ఆ ఆపరేషన్ ఆమెకు చివరికి ఏమైంది? రక్తం ఎక్కడ దొరికింది?

రమాదేవి: అత్యవసరం కాదు కాబట్టి వాయిదా వేశారు. రక్తస్రావానికి మందు, నరంలో ఐరన్ ఇచ్చారు. హిమోగ్లోబిన్ 10 దాటింది. తోబుట్టువుల్లో ఒక్కొక్కరికి 25 శాతం అవకాశం ఉంటుంది కాబట్టి అందరినీ పిలిపించాం, తమ్ముడిది బాంబే పాజిటివ్ అని తేలింది. దగ్గరి బంధువుల రక్తం కాబట్టి యూనిట్‌ను రేడియేషన్ చేయించి సిద్ధంగా ఉంచాం. ఆపరేషన్‌లో అది వాడాల్సిన అవసరం రాలేదు.

బొంబాయిలో వై.ఎం. భెండే, ఆయన సహచరులు 1952లో దీన్ని తొలిసారి వెల్లడించారు, పేరు అలా వచ్చింది. మన దేశంలో సుమారు 10,000 మందిలో ఒకరు అంటారు, ఐరోపాలో పది లక్షల్లో ఒకరు. అందుకే అక్కడి లెక్కలు చూసి ఇక్కడ పరీక్ష అనవసరం అనడం నాకు నచ్చదు.

మురళీధర్: ఓ నెగెటివ్ సంగతి అర్థమైందండి. రోగుల వరకు ఓ కణాల ట్యూబుకు నేనూ ఒప్పుకుంటాను. దాతల్లో ఎందుకు? బాంబే కణాల మీద ఏ, బి, హెచ్ ఏవీ లేవు, ఓ అని పొరబడి ఎవరికిచ్చినా పడుతుంది కదా?

డా. సుధాకర్: కణాల వరకు మీరన్నది నిజం. కానీ ఆ దాత ప్లాస్మాను ఓ ప్లాస్మా అని ఓ రోగికి ఎక్కిస్తే, అందులోని యాంటీ-హెచ్ ఆ రోగి కణాల మీదే పడుతుంది. పైగా దొరకని యూనిట్ ఒకటి ఎవరికీ తెలియకుండా ఖర్చయిపోతుంది.

రమాదేవి: దాతలకు రివర్స్‌లో ఓ కణాలు వేస్తే ఇవి రెండూ తప్పుతాయి. కానీ ఒకేసారి వందల యూనిట్లు వచ్చే శిబిరాల్లో మూడో ట్యూబు కూడా పెట్టే మనుషులు చాలా చోట్ల లేరు. గ్లిసరాల్ వేసి గడ్డకట్టించి పదేళ్లు దాచే సౌకర్యం కొన్ని చోట్లే ఉంది, మిగతాచోట్ల యూనిట్ 35 నుంచి 42 రోజులకే పోతుంది. కాబట్టి దొరికిన దాతను వెంటనే రక్తం ఇమ్మనకుండా, పేరు రాసుకుని అవసరమైనప్పుడు పిలవడం మేలని నేను అంటాను. మా దగ్గరే కొందరు దీనికి ఒప్పుకోరు, పిలిచినప్పుడు రాకపోతే ఏంటి అంటారు.