బీపీ ఉన్నవాళ్ళకు పన్ను తీసేటప్పుడు అడ్రినలిన్ కలిపిన తిమ్మిరి సూది వేయొచ్చా?

పుత్తూరు కోడలు

మా మామకు 64 ఏండ్లు. పదేండ్లుగా బీపీ, మాత్రలు వాడతారు. మొన్న చూస్తే 158/94. కింద కుడివైపు దవడ పన్ను పుచ్చిపోయింది, తీయాలన్నారు. తిరుపతిలో ఒక డాక్టరు ‘బీపీ ఉంది కదా, అడ్రినలిన్ లేని సూదే వేస్తా’ అన్నారు. ఇంకొకాయన ‘అది ఉన్నదే మేలు’ అంటున్నారు. ఎవరి మాట వినేది?

మందుల అంగడి, చిత్తూరు

లేనిదే వేయించండమ్మా, రెండో ఆలోచన వద్దు. అడ్రినలిన్ అంటే గుండె ఆగినప్పుడు మళ్ళీ కొట్టించడానికి ఇచ్చే మందు. రక్తనాళాలను బిగిస్తుంది, గుండెను పరుగెత్తిస్తుంది, బీపీ పెంచుతుంది. ముందే 158 ఉన్న మనిషికి అది ఎక్కించడం దేనికి? అడ్రినలిన్ కలపని సాదా లిగ్నోకైన్ తిమ్మిరి మందుతో కూడా పన్ను మొద్దుబారుతుంది. అది చాలు.

దవడ సర్జన్, తిరుపతి

అన్న చెప్పిన మందు గుణం నిజమే. కొలత దగ్గర తేడా ఉంది. గుండె ఆగినప్పుడు ఒకసారికి రక్తనాళంలోకి ఇచ్చేది 1 మిల్లీగ్రాము, అంటే 1000 మైక్రోగ్రాములు. మేం పన్నుకు వాడే మందు సీసా మీద అడ్రినలిన్ 1:80,000 అని ఉంటుంది. దాని లెక్క మిల్లీలీటరుకు 12.5 మైక్రోగ్రాములు. కింది దవడ పన్నుకు వెనకాల నరం దగ్గర ఒకటిన్నర మిల్లీలీటరు, చెంపవైపు చిగురుకు అర మిల్లీలీటరు, మొత్తం 2 మిల్లీలీటర్లు పడుతుంది. అందులో ఉండేది 25 మైక్రోగ్రాములు, ఆ ఎమర్జెన్సీ డోసులో నలభయ్యో వంతు. అదీ కండలోకి పోయి నెమ్మదిగా రక్తంలోకి ఊరుతుంది.

ఇక సాదా లిగ్నోకైన్ సంగతి. లిగ్నోకైన్ తనంతట తానే రక్తనాళాలను వదులు చేస్తుంది. అడ్రినలిన్ తోడు లేకపోతే మందును రక్తం తొందరగా కడుక్కొని పోతుంది. పైపళ్ళకు సాదా మందు వేస్తే లోపలి నరం మొద్దుబారి ఉండేది 5 నుంచి 10 నిమిషాలు. కింది దవడలో ఇంకొంచెం నిలుస్తుంది గానీ నమ్మకం లేదు. పెదవి తిమ్మిరిగానే ఉంటుంది, పేషెంటు ‘పట్టింది డాక్టర్’ అంటాడు, ఎలివేటర్ అనే పనిముట్టు పెట్టి పన్ను కదిలించగానే ఎగిరిపడతాడు. ఆ నొప్పికి, భయానికి ఆయన ఒంట్లోంచే అడ్రినలిన్ నేరుగా రక్తంలోకి వస్తుంది. దానికి సీసా మీద కొలత లేదు, ఆపడం మన చేతిలోనూ లేదు. బీపీ మనిషికి నేను ఎక్కువగా జంకేది దీనికే.

158/94 కు అడ్రినలిన్ మానాల్సిన పని లేదు. తగ్గించి, ఆగి ఆగి వేయాలి. గుండె జబ్బు ఉన్నవాళ్ళకు, బీపీ అదుపులో లేనివాళ్ళకు ఒక సిట్టింగులో 40 మైక్రోగ్రాములు దాటకుండా చూసుకుంటాం. 1:80,000 లో అది 3.2 మిల్లీలీటర్లు. మీ మామకు మొదటి 2 మిల్లీలీటర్లు పోతే ఇంకా 1.2 మిగులుతుంది. అదే 1:200,000 మందైతే 2 మిల్లీలీటర్లలో 10 మైక్రోగ్రాములే, మొత్తం 8 మిల్లీలీటర్ల దాకా చోటుంటుంది. అందుకే బీపీ వాళ్ళకు నేను మొదట చెయ్యిపెట్టేది 1:200,000 సీసా మీదే. చూడటానికి రెండు సీసాలూ ఒకటే. లేబుల్ మీద ఆ అంకె చదవకుండా సిరంజిలోకి తీస్తే ఒకేసారి రెండున్నర రెట్లు పోతుంది.

బైరాగిపట్టెడ బాబు

మా అమ్మకు కూడా ఇదే అయింది సార్. సూది పొడిచిన అర నిమిషానికే గుండె దడదడలాడింది, చేతులు వణికినాయి, చెమటలు పట్టినాయి. పది నిమిషాలకు తగ్గిపోయింది. అప్పటినుంచి ‘తిమ్మిరి మందు అలర్జీ’ అని చీటీ మీద రాయించుకొని తిరుగుతున్నాం. బీపీ ఉన్నోళ్ళందరికీ ఈ మందు అలర్జీ అవుతుంది కదా?

దవడ సర్జన్, తిరుపతి

బీపీకీ అలర్జీకీ సంబంధం లేదు బాబూ. అమ్మను చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, మీరు రాసిన తీరు మందు రక్తనాళంలో పడినట్టుంది. అలర్జీ అయితే దద్దుర్లు, దురద, పెదవుల వాపు, ఆయాసం లాంటివి కనిపించాలి. దడ, వణుకు వెంటనే మొదలై పది నిమిషాల్లో వాటంతట అవే సర్దుకోవడం అడ్రినలిన్ లక్షణం. రక్తంలో అది నిలిచేది కొన్ని నిమిషాలే.

కింది దవడ నరం పక్కనే ధమని, సిర నడుస్తాయి. సూది ఎముకకు తగిలాక కొద్దిగా వెనక్కి తీసి, పిస్టన్‌ను ఒక్క రవ్వ వెనక్కి లాగి చూడాలి. సిరంజి ముక్కు దగ్గర రక్తం సన్నటి ఎర్ర దారంలా లోపలికి వస్తే నాళంలో ఉన్నట్టు. సూది మొన జరిపి, మళ్ళీ లాగి చూసి, తేటగా ఉంటేనే నొక్కాలి. ఈ చోట పదిమందిలో ఒకరికి పైనే రక్తం కనబడుతుంది, కాబట్టి మానేయడానికి వీల్లేని పని. మరీ సన్న సూదితో లాగితే రక్తం సరిగా రాక మోసపోతాం. తర్వాత ఒకటిన్నర మిల్లీలీటరుకు కనీసం ఒక నిమిషం తీసుకోవాలి. ఆత్రంగా నొక్కినప్పుడే ఇలాంటి దడలు ఎక్కువ.

ఆ చీటీ అలాగే ఉంచేయకండి. రేపు ఎవరైనా దాన్ని చూసి ఏ మత్తూ ఇవ్వకపోతే అమ్మకే కష్టం. అలర్జీ పరీక్ష చేసే డాక్టరు దగ్గర తేల్చుకోండి.

పీజీ రెండో ఏడు

సార్, 40 అనే అంకె మీద నాకు అభ్యంతరం ఉంది. దాన్ని క్లాసులో గోడ కట్టినట్టు చెబుతారు. 1955లో న్యూయార్క్ హార్ట్ అసోసియేషన్ చెప్పింది 200 మైక్రోగ్రాములు. 39 దగ్గర క్షేమం, 41 దగ్గర ప్రమాదం అనడానికి ఆధారం ఏముంది? ఆ అంకెకు భయపడి మూడో డోసు ఇవ్వక, పేషెంటును నొప్పితో ఉంచి పన్ను పీకేయడం నిజంగా జరుగుతోంది.

దవడ సర్జన్, తిరుపతి

గోడ కాదనే నేనూ ఒప్పుకుంటాను. అది జాగ్రత్త కోసం పెట్టుకున్న గీత. కానీ రద్దీ ఓపీలో గీత లేకపోతే ‘ఇంకొంచెం, ఇంకొంచెం’ అంటూ ఎంత పోయిందో ఎవరికీ గుర్తుండదు. 3 మిల్లీలీటర్లకు పట్టని మందు నాలుగో దానికి పడుతుందా? చాలాసార్లు తప్పు సూది దిగిన చోటులో ఉంటుంది, లేదా పన్ను కింద చీము ఉంటుంది. అలాంటప్పుడు ఆ రోజుకు ఆపి, చీముకు చికిత్స చేసి మళ్ళీ పిలవడం మంచిది. పట్టలేదని పన్నుకూ ఎముకకూ మధ్యనున్న సందులోకి అడ్రినలిన్ మందు ఎక్కించడం బీపీ వాళ్ళలో నేను చేయను. అక్కడినుంచి దాదాపు రక్తనాళంలోకి వేసినంత వేగంగా రక్తంలో కలుస్తుంది.

పుత్తూరు కోడలు

సార్, మామ మాత్రల డబ్బా ఇప్పుడు తీసి చూసినాను. తెల్మిసార్టాన్ 40, ఆమ్లోడిపిన్ 5. ఇంకో చీటీలో ప్రోప్రనొలాల్ 40 అని ఉంది, రోజుకు రెండు. చేతుల వణుకుకని వేరే డాక్టరు రాసిచ్చినారంట. పన్ను డాక్టరుకు ఇది చెప్పలేదు. పైగా వచ్చే శనివారం పోదామనుకున్నాం. శనివారం ఆయనకు ఒక్కపొద్దు, పొద్దున మాత్రలు కూడా వేసుకోరు.

దవడ సర్జన్, తిరుపతి

అమ్మా, 158 కంటే ముఖ్యమైన సంగతి ఇది. మంచిపని చేసినారు డబ్బా తీసి.

కొద్ది మోతాదు అడ్రినలిన్ రెండు పనులు చేస్తుంది. చర్మంలో, చిగుళ్ళలో నాళాలను బిగిస్తుంది, చేతులూ కాళ్ళలోని కండరాల నాళాలను తెరుస్తుంది. ఒకవైపు మూసుకుంటే ఇంకోవైపు తెరుచుకుంటుంది కాబట్టే మామూలుగా పై బీపీ కొంచెం పెరిగినా కింద బీపీ పెద్దగా కదలదు, కొందరిలో తగ్గుతుంది కూడా. ప్రోప్రనొలాల్ ఆ తెరిచే దారిని మూసేస్తుంది. ఇక బిగించే పని ఒక్కటే మిగులుతుంది. బీపీ గబుక్కున పైకి పోతుంది, దాన్ని తట్టుకోవడానికి గుండె నెమ్మదిస్తుంది. నాడి పడిపోతూ, తలనొప్పితో బీపీ ఎగబాకితే అది ఇదే. అదే జాతి మందులైన అటెనొలాల్, మెటోప్రొలాల్ గుండె మీదే ఎక్కువగా పనిచేసే రకం కాబట్టి వాటితో ఈ భయం చాలా తక్కువ.

మీ మామకైతే నేను ఇలా చేస్తాను. కూర్చోబెట్టి ఐదు నిమిషాలు ఆగి బీపీ, నాడి చూసి రాసుకుంటాను. 1:200,000 మందు 1 మిల్లీలీటరు, అంటే 5 మైక్రోగ్రాములు, లాగి చూసి నెమ్మదిగా వేస్తాను. ఐదు నిమిషాలు ఆగి మళ్ళీ బీపీ, నాడి. కదలిక లేకపోతే ఇంకో మిల్లీలీటరు, మళ్ళీ ఐదు నిమిషాలు. పై బీపీ చెప్పుకోదగ్గంత ఎగిరితే అడ్రినలిన్ అక్కడితో ఆపి, అడ్రినలిన్ లేకుండా వచ్చే 3 శాతం మెపివకైన్ తిమ్మిరి మందు దొరికితే అది, లేకపోతే పన్ను ఇంకో రోజు. బీపీ చూసే పట్టీ చేతికి చివరిదాకా అలాగే ఉంటుంది.

సూది కోసమని ప్రోప్రనొలాల్ ఆపకండి. ఉన్నట్టుండి మానితే గుండె ఎదురుతిరుగుతుంది. శనివారం వద్దు. ఇంకో రోజు, పొద్దున టిఫిన్ తిని, అన్ని మాత్రలూ వేసుకొని, చీటీలన్నీ పట్టుకొని రండి.

మందుల అంగడి, చిత్తూరు

ప్రోప్రనొలాల్ ఉందని తేలింది కదా సార్, మరి నేను ముందు చెప్పిందే సరిపోయింది, సాదా మందే వేస్తే పోలా?

దవడ సర్జన్, తిరుపతి

కదులుతున్న పన్నయితే, రెండు నిమిషాల పనయితే సాదా మందు సరిపోతుంది అన్నా, ఆ మాట ఒప్పుకుంటాను. గట్టిగా ఉన్న కింది దవడ పన్నుకు, వేర్లు విరిగే అవకాశం ఉన్నచోట, మధ్యలో మందు విడిపోతే పైన చెప్పిన నొప్పి లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. అడ్రినలిన్ లేకపోతే రక్తం కూడా ఎక్కువే కారుతుంది, బీపీ వాళ్ళలో మరీను. ఉంటే ఇంకో చిక్కు. మందు దిగాక సాయంత్రం మళ్ళీ ఊరొచ్చు. ఇంటికి పోయేముందు గాజ్ గుడ్డ గట్టిగా అరగంట కరిపించి, కుట్టు అవసరమేమో చూసుకోవాలి.

జనరల్ ఫిజీషియన్, చిత్తూరు

నాది ఒక్క పాయింటు. 180/110 దాటితే మామూలు పన్ను పని వాయిదా వేయమని మేమూ రాస్తాం. కానీ దవడ వాచి, రాత్రంతా నిద్రలేక వచ్చినవాళ్ళకు 186 ఉంటే అందులో కొంత నొప్పిది. వాళ్ళను ‘బీపీ తగ్గించుకొని రా’ అని మా దగ్గరికి తోస్తే, నొప్పి ఉన్నంతకాలం అది తగ్గదు. గబగబా తగ్గించే మాత్ర నాలుక కింద పెట్టి పంపడం అంతకంటే తప్పు, మెదడుకు రక్తం చాలక పడిపోతారు. ఛాతీ నొప్పి, తలనొప్పి, చూపు మసక లాంటివి లేనప్పుడు కొద్ది మందుతో చీము బయటికి వదిలి నొప్పి తీసేయాలంటాను.

దవడ సర్జన్, తిరుపతి

చీము వదలడం వరకు నేనూ చేస్తాను. ఆ బీపీ మీద పన్ను తీయడానికి మాత్రం ఒప్పుకోను డాక్టర్ గారూ, రక్తం ఆగకపోతే క్లినిక్‌లో నా దగ్గర ఏముంది?

జనరల్ ఫిజీషియన్, చిత్తూరు

క్లినిక్‌లో వద్దు, ఆసుపత్రిలో మానిటర్ పెట్టి తీయండి అంటున్నాను. వదులుగా ఉన్న పన్నును కూడా నెల రోజులు వాయిదా వేసి యాంటీబయాటిక్ మీద పెట్టడం నాకు సరిగా తోచదు.

పుత్తూరు కోడలు

బుధవారానికి మార్చుకున్నాం. వణుకు మాత్ర రాసిన డాక్టరుకు కూడా ఫోన్ చేసినాను, ఆపొద్దనే చెప్పినారు. పన్ను డాక్టరు చీటీ మీద ప్రోప్రనొలాల్ పేరు పైనే పెద్దగా రాసి పెట్టినాను.