ఎనభై శాతం దాటాక చార్జింగు ఎందుకు నెమ్మదిస్తుంది?

బ్రాడీపేట విద్యార్థిని: నా ఫోను బ్యాటరీ 5000 ఎంఏహెచ్, చార్జరు 18 వాట్లది. విజయవాడ రైలుకు బయలుదేరే ముందు 20 శాతం ఉన్నప్పుడు పెడితే ముప్పావు గంటలో 80కి చేరుతోంది గానీ, అక్కడి నుంచి నిండడానికి మరో నలభై నిమిషాలు తీసుకుంటోంది. చార్జరు పాడైందా? ఎంతసేపు పడుతుందో ముందే లెక్క కట్టవచ్చా?

సత్యనారాయణపురం మాస్టారు: లెక్క సులభమేనమ్మా. చార్జరు మీద 2 ఆంపియర్లని ఉంటే 5000ను 2000తో భాగించాలి. ఖాళీ బ్యాటరీకి రెండున్నర గంటలు. మీది అంతకంటే ముందే నిండుతోంది కనుక చార్జరులో లోపం లేదు.

గవర్నర్‌పేట రిపేరు షాపు: చార్జరు బాగానే ఉందన్న మాట నిజమే. మాస్టారు గారి లెక్క పాత 5 వోల్టుల చార్జరుకు దాదాపు సరిపోతుంది గానీ, ఈ అమ్మాయిది 9 వోల్టుల దగ్గర 2 ఆంపియర్లిచ్చే రకం అయి ఉంటుంది కాబట్టి వాట్లతోనే లెక్కించాలి. 5 ఆంపియర్ అవర్లను బ్యాటరీ సగటు వోల్టేజీ 3.85తో హెచ్చవేస్తే సుమారు 19 వాట్ అవర్లు. అందులో 60 శాతం పదకొండున్నర. వేడిగా పోయేది కలిపి పదమూడున్నర అనుకుని 18తో భాగిస్తే ముప్పావు గంట వస్తుంది, మీరు చూసినదీ అదే.

ఆ తరువాత ఈ భాగహారం పనికిరాదు. బ్యాటరీ సెల్లు తన గరిష్ఠ వోల్టేజీని, అంటే చాలా ఫోన్లలో 4.4 వోల్టుల చుట్టుపక్కలను, అందుకోగానే ఫోనులోని చార్జింగు చిప్పు వోల్టేజీని అక్కడే పట్టి ఉంచుతుంది. సెల్లు లోపలి వోల్టేజీ పెరిగి, దానికీ చిప్పు పట్టి ఉంచిన వోల్టేజీకీ మధ్య తేడా తరిగేకొద్దీ కరెంటు తగ్గిపోతుంది. అప్పుడు బలవంతంగా ఎక్కిస్తే గ్రాఫైట్‌లోకి ఇంకవలసిన లిథియం దాని పైనే లోహంగా పేరుకుని బ్యాటరీని చెడగొడుతుంది. మా షాపులో ఇలాంటి ఫోనుకే యూఎస్‌బీ మీటరు తగిలిస్తే 50 శాతం దగ్గర 17 వాట్లు, 90 దగ్గర 7, 98 దగ్గర 2 చూపించింది. అందుకే చివరి 20 శాతానికి విడిగా అరగంట నుంచి ముప్పావు గంట కలుపుకోండి.

పటమట వాసి: నాదీ 18 వాట్లు మాత్రమే తీసుకునే ఫోనే. మేడ మీది రేకుల గదిలో మే నెలంతా 80 దగ్గర పూర్తిగా ఆగిపోతోంది. 67 వాట్ల చార్జరు కొన్నా అంతే. డబ్బు దండగ అయినట్టేనా?

గవర్నర్‌పేట రిపేరు షాపు: ఫోను అడిగినంతే చార్జరు ఇస్తుందండీ, పెద్దది కొన్నంత మాత్రాన చివరి భాగం త్వరపడదు. మీది నెమ్మదించడం కాదు, ఆగడం. వేడికి ఫోనే ఆపుతూ ఉండాలి, లేదా బ్యాటరీ సెట్టింగులలో 80 శాతం పరిమితి పెట్టి ఉండాలి. కవరు తీసి, చల్లని గదిలో పెట్టి చూడండి.

పటమట వాసి: రాత్రి కింది గదిలో ఫ్యాను కింద పెట్టినా 80 దాటలేదు, సెట్టింగులలో అటువంటి పరిమితి ఏదీ నాకు కనిపించలేదు.

బ్రాడీపేట విద్యార్థిని: నేనైతే రేపటి నుంచి 85 దగ్గర తీసేసి ఏడున్నర రైలు అందుకుంటాను.