ఉమ్మడి బోరు: చెరో అరగంట మోటారు వేస్తున్నా గొడవే. పక్కింటి పైపు ఆపేయొచ్చా?

గోరంట్ల కుర్రాడు
మాది గుంటూరు, గోరంట్ల. 2013లో మా స్థలంలో బోరు వేయించాం. ఖర్చు మేమూ, పక్కింటి బాబాయ్ గారూ చెరిసగం పెట్టుకున్నాం. కాగితం ఏమీ రాసుకోలేదు. పోయినేడు వాళ్ళు పైన రెండంతస్తులు వేసి అద్దెకిచ్చారు. పొద్దున మాకు అరగంట, తర్వాత వాళ్ళకి అరగంట మోటారు వేస్తున్నాం. అయినా నీళ్ళు చాలడం లేదని రోజూ మాట పడుతున్నాం. కరెంటు బిల్లు కూడా మాదే. వాళ్ళ పైపు కట్ చేసి వేరే బోరు వేసుకోమనొచ్చా? లేదంటే పంపకం ఎలా చేసుకోవాలి?

నిప్పులాంటి మనిషి
ఇందులో అడగడానికేముంది? భూమి మీది, బోరు మీ గోడ లోపల. మన నేల కింద నీళ్ళు మనవే అని చట్టంలోనే ఉంది. ఎన్నేళ్ళు వాడుకున్నా వాళ్ళకి హక్కు రాదు. వాల్వు తిప్పి తాళం వేయండి. మెతగ్గా ఉంటే నెత్తికెక్కుతారు.

పటమట అత్తయ్య
బాబూ, వేరే బోరు అని మాత్రం అనకు. మాది విజయవాడ పటమట. మా పక్కవాళ్ళు కూడా ఇలాగే పంతానికి పోయి, మా బోరుకి పదిహేను అడుగుల దూరంలో ఇంకో బోరు దింపారు, అదీ మాకంటే లోతుగా. ఆ వేసవిలో మా మోటారు గాలి కక్కింది. తర్వాత మేమూ లోతు చేయించాం, వాళ్ళదీ తగ్గింది. రెండిళ్ళూ ట్యాంకరు కోసం ఎదురు చూస్తూ కూర్చున్నాం. రెండు బోర్ల మధ్య 250 మీటర్లు ఉండాలని వాల్టా చట్టం ఉందిగా, ఫిర్యాదు చేద్దామని మా వారు ఒకటే తిరిగారు. ఏం లాభం.

కోర్టు గుమాస్తా (రిటైర్డు)
అత్తయ్య గారూ, 2002 వాల్టా చట్టంలో ఆ 250 మీటర్లు ప్రజల తాగునీటి బావికీ, కొత్త బోరుకీ మధ్య ఉండాల్సిన దూరం. ఇంటికీ ఇంటికీ మధ్య కాదు. అందుకే మీ వారు తిరిగినా పని కాలేదు.

ఇక ‘నిప్పులాంటి మనిషి’ గారు చెప్పింది సగం నిజం. పక్కవాళ్ళ స్థలం మీద వాడుక హక్కుల సంగతి చెప్పే 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం 17వ సెక్షను ప్రకారం, ఒక పాయగా పారని భూగర్భ జలం మీద ఇరవై ఏళ్ళ వాడకం వల్ల హక్కు పుట్టదు. అంతవరకు సరే. కానీ ఇక్కడ పక్కింటాయన ఊరికే వాడుకున్న మనిషి కాదు. బోరుకి సగం డబ్బు పెట్టాడు, మీ ఒప్పుదలతో పైపు వేసుకున్నాడు. అదే చట్టం 60వ సెక్షను ఏమంటుందంటే, మీరిచ్చిన అనుమతిని నమ్మి అవతలివాడు ఖర్చుపెట్టి శాశ్వతమైన పని చేసుకుంటే, ఆ అనుమతిని మీ ఇష్టప్రకారం వెనక్కి తీసుకోకూడదు. పైపు లైను శాశ్వతమైన పనా కాదా అన్నది లాయర్లు వాదించుకోవాల్సిందే, నేను తీర్పు చెప్పను. కానీ మీరు పైపు కోసిన మర్నాడు ఆయన ఇంజంక్షన్ పిటిషను వేస్తే, తేలేదాకా పైపు కోయకముందు ఎలా ఉందో అలాగే ఉంచమనే ఉత్తర్వు రావడం నేను చాలాసార్లు చూశాను. అప్పుడు కోసిన పైపు మీ ఖర్చుతో మీరే అతికించాల్సి రావచ్చు.

మోటారు మెకానిక్, అరండల్‌పేట
చట్టం సంగతి పెద్దలు చూసుకుంటారు. నేను ఒక్కటే అడుగుతా. చెరో అరగంట అంటున్నారు, ఎన్ని లీటర్లు వస్తున్నాయో ఎవరైనా కొలిచారా?

అరగంట అరగంటే గానీ నీళ్ళు సమానం కావు. మీ ట్యాంకు ఒక అంతస్తు మీద, బోరు పక్కనే ఉంటుంది. వాళ్ళ ట్యాంకు ఇప్పుడు మూడంతస్తుల పైకెక్కింది, పైపు దూరమూ పెరిగింది. అదే మోటారు అంత ఎత్తుకి తోస్తే ధార సన్నబడుతుంది. పైగా మీది మొదటి వంతు. వేసవిలో మోటారు తిరిగే కొద్దీ బోరులో నీటిమట్టం దిగుతుంది. మొదట వేసినవాడికి నిండు ధార, రెండోవాడికి అడుగు నీళ్ళు.

ఇరవై లీటర్ల బకెట్టు, ఫోన్లో స్టాప్‌వాచ్ చాలు. పైపు ట్యాంకులో పడే చోట పట్టండి, కింద కుళాయి దగ్గర పడితే లెక్క తప్పుతుంది. మోటారు వేసిన అయిదు నిమిషాల తర్వాత ఒకసారి, ఆపే ముందు ఒకసారి పట్టాలి. రెండిళ్ళలోనూ ఎదురెదురుగా పట్టండి, తర్వాత మాటల్లేకుండా ఉంటుంది.

గోరంట్ల కుర్రాడు
అన్నా, నిన్న పొద్దున పట్టాం. బాబాయ్ గారి అల్లుడు మా డాబా ఎక్కాడు, నేను వాళ్ళ డాబా ఎక్కాను. మా దగ్గర బకెట్టు నిండటానికి 38 సెకన్లు. వాళ్ళ దగ్గర 58. నేను నమ్మలేక రెండోసారి పట్టించాను.

మా అరగంటలో తొమ్మిది వందల లీటర్ల పైన వచ్చాయి. వాళ్ళ వంతు మొదలయ్యాక ఇరవై నిమిషాలకి పైపులో గరగర, ధార ఆగి ఆగి తుంపర్లు. అల్లుడు వెంటనే మోటారు ఆపమన్నాడు. వాళ్ళకి చేరినవి 350 లీటర్లు ఉంటాయేమో. ఇన్నాళ్ళూ ఆయన ఊరికే గొణుగుతున్నాడనుకున్నాను.

ఇవాళ వాళ్ళని ముందు వేసుకోమన్నాం. అరగంటలో 600 వచ్చాయి. తర్వాత మాకూ ఇరవై నిమిషాలకి పైగా వచ్చి, 600 దగ్గర గరగర మొదలైంది.

మోటారు మెకానిక్, అరండల్‌పేట
అదిగో, మీ లెక్క మీరే తేల్చారు. ఈ ఎండల్లో మీ బోరు ఒక పూటకి ఇచ్చేది 1,200 లీటర్లు. ఎవరు ముందు వేసినా దాదాపు అంతే. కాబట్టి గంటలతో కాదు, లీటర్లతో పంచుకోండి. పూటకి చెరో 600. మీకు ఇరవై నిమిషాల్లో వస్తాయి, వాళ్ళకి అరగంట పడుతుంది. సాయంత్రం దాకా బోరుని వదిలేస్తే మళ్ళీ ఊరుతుంది, అప్పుడు రెండో పూట. సరి రోజు ఒకరు ముందు, బేసి రోజు ఇంకొకరు.

బోరు నుంచి వచ్చే పైపు చీలే చోట ఇద్దరికీ విడివిడిగా వాల్వూ, నీటి మీటరూ పెట్టించండి. రెండు వాల్వులూ ఒకేసారి తెరవకండి, నీళ్ళన్నీ తక్కువ ఎత్తున్న మీ ట్యాంకులోకే పోతాయి. గరగర వినబడిందంటే ఆపేయాలి. ఒకటి, మోటారు ఎండి కాలుతుంది. రెండు, ముల్లు తిరిగే మీటరుకి గాలికీ నీళ్ళకీ తేడా తెలియదు. గాలికి కూడా గిరగిరా తిరిగి, రాని నీళ్ళు వచ్చినట్టు చూపిస్తుంది. ఆ లెక్క మీద మళ్ళీ కొట్టుకుంటారు.

నెలకోసారి గరగర ఎన్ని లీటర్లకి వస్తోందో చూసుకోండి. వెయ్యికే వస్తే చెరో 500 చేసుకోండి. వానలు పడ్డాక ఈ లెక్కే అక్కర్లేదు.

బిల్లు కట్టే ఇల్లాలు
కరెంటు సంగతి ఎవరూ మాట్లాడరేం? నీళ్ళు సమానమైనా, వాళ్ళ ట్యాంకుకి మోటారు పది నిమిషాలు ఎక్కువ తిరుగుతోంది. ఒక హెచ్‌పీ మోటారు గంటకి యూనిట్ పైనే లాగుతుంది. రెండు పూటలూ కలిపి రోజుకి వంద నిమిషాలైతే నెలకి యాభై అయిదు యూనిట్లు. అందులో వాళ్ళ భాగం అయిదింట మూడొంతులు. ఇంకోటి, ఆ యూనిట్లు మన ఇంటి వాడకం మీద పడి పై స్లాబులోకి తోస్తాయి. సగటు రేటు కట్టి ఇస్తామంటే ఒప్పుకోకండి. మోటారుకి సబ్ మీటరు పెట్టి, పై స్లాబు రేటు అడగండి.

నిప్పులాంటి మనిషి
సరే, మీటర్లు పెట్టుకోండి. కానీ పై స్లాబు రేటు వాళ్ళ మీద వేయడం అన్యాయమమ్మా. ఇంట్లో ఏసీ వేసుకున్నది వీళ్ళు, స్లాబు దాటించింది ఏసీనా మోటారా?

పటమట అత్తయ్య
మొదటిసారి నీతో ఏకీభవిస్తున్నాను నాయనా.

కోర్టు గుమాస్తా (రిటైర్డు)
మాట కుదిరితే కాగితం మీద పెట్టండి. చెరో 600 లీటర్లు, ఎవరి వంతు ఎప్పుడు, మోటారు కాలిపోతే రీవైండింగు ఎవరెంత, పైపు మరమ్మతుకి మీ ఆవరణలోకి ఏ వేళల్లో రావచ్చు, బోరు పూర్తిగా ఎండితే ఏం చేయాలి. అన్నిటికంటే గొడవ తెచ్చేది ఈ ఆఖరిదే, అందరూ వదిలేసేదీ ఇదే.

స్టాంపు పేపరు మీద ఇద్దరూ సంతకం పెట్టి, సాక్షులని పెట్టుకుంటే మీ ఇద్దరి మధ్య పనికొస్తుంది. రేపు ఎవరో ఒకరు ఇల్లు అమ్మితే, కొన్నవాడు ఆ కాగితం నన్ను కట్టిపడేయదంటాడు. స్థలం మీద పైపు హక్కుని అలా రాసుకోవాలనుకుంటే రిజిస్ట్రేషను చేయించుకోవాలి. మీ ఇంట్లో పెద్దవాళ్ళు దానికి ఒప్పుకుంటారా అన్నది ముందు తేల్చుకోండి. స్థలం మీద పడే బరువు అది, అమ్మేటప్పుడు ధరలో తెలుస్తుంది.

మధ్యలో మూడో మనిషి కావాలంటే కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. కేసు వేయకముందే అర్జీ ఇస్తే లోక్ అదాలత్‌కి పిలుస్తారు, కోర్టు ఫీజు ఉండదు. అక్కడ రాజీ కుదిరితే ఆ అవార్డు డిక్రీతో సమానం, అప్పీలు లేదు. కుదరకపోతే వాళ్ళు మీ మీద ఏ తీర్పూ రుద్దలేరు, వచ్చిన దారినే వెళ్ళడం.

అద్దెకుండే మాస్టారు
అందరూ ఇంటివాళ్ళ లెక్కే వేస్తున్నారు. ‘గోరంట్ల కుర్రాడు’ గారూ, మీ ఇంట్లో ఎంతమంది? వాళ్ళ మూడంతస్తుల్లో ఎంతమంది? చెరిసగం అంటే తలకి ఎంతెంత వస్తుంది?

గోరంట్ల కుర్రాడు
మేం నలుగురం. వాళ్ళు అద్దెకున్న వాళ్ళతో కలిపి పన్నెండు మంది. రోజుకి చెరో 1,200 అంటే మాకు తలకి 300, వాళ్ళకి 100. తాగడానికి కార్పొరేషన్ కుళాయి ఉంది గానీ మిగతావన్నీ బోరే.

బిల్లు కట్టే ఇల్లాలు
అయితే? డబ్బు సగం పెట్టారు, నీళ్ళు సగం. అద్దె వాళ్ళ జేబులోకే వెళ్తోంది కదా, ఆ అద్దెతో ట్యాంకరు తెప్పించుకోవచ్చు.

అద్దెకుండే మాస్టారు
ట్యాంకరు డబ్బు చివరికి మా దగ్గరే వసూలు చేస్తారమ్మా. అది మీకూ తెలుసు.

గోరంట్ల కుర్రాడు
నిన్న రాత్రి మా వరండాలో కూర్చున్నాం. మీటర్లకి, వాల్వులకి చెరిసగం అని బాబాయ్ గారు ఒప్పుకున్నారు. కరెంటుకి సబ్ మీటరు సరే, రేటు మాత్రం తేలలేదు. పై స్లాబు మాట ఎత్తగానే లేచి నిలబడ్డారు, పిన్ని గారు చెయ్యి పట్టి కూర్చోబెట్టారు. తలల లెక్క ఆయన ఎత్తలేదు. అమ్మే ఎత్తింది. మాకు 600 ఎప్పుడూ మిగులుతున్నాయి, ఎండాకాలం మూడు నెలలు పూటకి వంద మీరు తీసుకోండి అంది. దానికి డబ్బు ఇస్తానంటారాయన, వద్దంటుంది అమ్మ. కాగితంలో ఆ వంద రాయాలా వద్దా? రాస్తే రేపది హక్కవుతుందా, గుమాస్తా గారూ?

కోర్టు గుమాస్తా (రిటైర్డు)
రాయండి. ‘ఈ ఏడాది జూన్ ఆఖరు వరకు, మా ఇష్టపూర్వకంగా’ అన్న మాటతో రాయండి. తారీఖు మర్చిపోకండి.