శిలాజం: శిల నుండి పుట్టిందా, శిలలో ఏర్పడిందా?

శారద: మిత్రులకు నమస్కారం. పిల్లల కోసం ఒక విజ్ఞాన వ్యాసాన్ని తెలుగు చేస్తూ ‘శిలాజం’ అనే మాట దగ్గర ఆగిపోయాను. పంకం నుండి పుట్టినది పంకజం, అండం నుండి పుట్టినది అండజం అయినప్పుడు శిల నుండి పుట్టినది శిలాజం కావాలి. కానీ ఏ ప్రాణీ రాయి నుండి పుట్టదు కదా! ప్రాణి ముందు, రాయి తరువాత. పైగా ఆకు అచ్చుకూ, పురుగు పాకిన జాడకూ, చెట్టు బంకలో చిక్కుకున్న దోమకూ ఈ ఒక్క మాటే వాడవలసి వస్తోంది. ఈ మాట అర్థాన్ని తలకిందులు చేస్తోందా, లేక నేనే సరిగా విడదీయడం లేదా?

సుబ్రహ్మణ్యం: అమ్మా, విగ్రహవాక్యం ఒక్కటే కాదు. ‘సప్తమ్యాం జనేర్డః’ అని పాణిని సూత్రం ఉంది. దాని ప్రకారం ‘దేనియందు’ అనే అర్థంలో కూడా ‘జ’ చేరుతుంది. సరసిజం అన్నప్పుడు సరస్సునందు పుట్టినదనే కదా చెప్పుకుంటాం. జన్ ధాతువుకు పుట్టడంతో పాటు కలగడం, ఏర్పడడం అనే అర్థాలూ ఉన్నాయి. కనుక ‘శిలయందు ఏర్పడినది’ అని చెప్పుకుంటే మీ చిక్కు తీరుతుంది. అయితే నిజంగా అది శిలలోనే ఏర్పడుతుందా అన్నది వ్యాకరణం తేల్చే విషయం కాదు.

భాస్కర్: ఇందులో ఇంత తర్జనభర్జన ఎందుకండీ? జంతువు చనిపోయి బురదలో కూరుకుపోతుంది. అక్కడ ఆక్సిజన్ ఉండదు కాబట్టి కుళ్లదు. లక్షల ఏళ్లలో ఎముకలోని ఒక్కొక్క కణం తొలగి ఆ చోట రాయి చేరుతుంది. ఎముక పోయి రాయి పుట్టింది కనుక శిలాజం అన్న మాట అతికినట్టు సరిపోతుంది.

అచ్యుత్: శిలాజిత్ అని మందుల్లో వాడేది కూడా ఇదేనా? అది కూడా పాతకాలపు జంతువుల నుండే వస్తుందా?

సుబ్రహ్మణ్యం: కాదు నాయనా. దాని అసలు రూపం శిలాజతు. జతువు అంటే లక్క, బంక. రాళ్ల సందుల నుండి ఊరే బంక అని ఆ పేరు. అందులో ‘జ’ ప్రత్యయమే లేదు. శారద గారి ప్రశ్నకు దానితో పని లేదు.

పద్మజ: నేను చాలా ఏళ్లు భూగర్భశాస్త్రం బోధించాను. భాస్కర్ గారి మాటల్లో సగం నిజం. ఎముకల విషయంలో చాలాసార్లు జరిగేది మార్పిడి కాదు, నింపుడు. ఎముక నిండా సన్నని రంధ్రాలుంటాయి. భూగర్భజలంలో కరిగి ఉన్న ఖనిజం వాటిలోకి చేరి గడ్డకడుతుంది. ఎముకలో ముందు నుండీ ఉన్న ఖనిజ భాగం కొంత మారినా చాలావరకు అక్కడే మిగలవచ్చు. ఇక ఆక్సిజన్ లేకపోతే కుళ్లదన్నది నిజం కాదు. ఆక్సిజన్ అక్కర లేని బాక్టీరియాలు ఎన్నో ఉన్నాయి. అవి కొంచెం తీరిగ్గా అయినా పని పూర్తి చేస్తాయి. బురదలో పాతిపెట్టిన రొయ్యలు కొద్ది వారాల్లోనే రూపు కోల్పోయినట్టు ప్రయోగాల్లో చూశారు. మెత్తని శరీరం మిగలాలంటే కుళ్లడం ఆగడం కాదు, కుళ్లు ముగిసేలోగా దాని రూపాన్ని మరేదో పట్టి ఉంచడం కావాలి.

శారద గారి ప్రశ్నకు జవాబు చెప్పగల చోటు ఒకటి నాకు తెలుసు. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో మేజన్ క్రీక్ అనే ప్రాంతం ఉంది. సుమారు 31 కోట్ల ఏళ్ల కిందట అది ఒక నది సముద్రంలో కలిసే చోటు. బొగ్గుగా మారబోయే చిత్తడి అడవి మీదికి సముద్రం పొంగి వచ్చింది. నది మోసుకొచ్చిన మెత్తని ఒండ్రు ఆకులనూ, చేపలనూ, పురుగులనూ, జెల్లీచేపల వంటి వాటినీ వెంటవెంటనే కప్పివేసింది. ఇప్పుడు అక్కడ దొరికేవి గుప్పిట్లో పట్టే కోడిగుడ్డు ఆకారపు, తుప్పు రంగు రాతి గుండ్లు. ఒక్క దెబ్బతో సరైన తలంలో పగిలితే లోపల ఒక సగంలో ప్రాణి అచ్చు, రెండో సగంలో దాని ఎదురచ్చు కనిపిస్తాయి.

ఆ రాయి ఎలా పుట్టిందో చూడండి. కళేబరాన్ని బాక్టీరియాలు తింటున్నప్పుడు దాని చుట్టూ ఉన్న బురద నీటిలోకి కార్బొనేట్ విడుదలవుతుంది. ఆ బురదలో ఇనుము పుష్కలంగా ఉంది. రెండూ కలిసి సిడరైట్ అనే ఇనుప కార్బొనేట్‌గా కళేబరం చుట్టూనే గడ్డకట్టాయి. అంటే కుళ్లిపోవడమే రాయిని పుట్టించింది. ఇక్కడ శిల నుండి ప్రాణి పుట్టలేదు, ప్రాణి నుండి శిల పుట్టింది.

శారద: పద్మజ గారూ, ఇది నా ఊహకు అందనిది. కానీ ఒక సందేహం. ప్రతి నదీముఖంలోనూ బురద ఉంటుంది, చచ్చిన చేపలూ ఉంటాయి. అన్ని చోట్లా ఇలాంటి గుండ్లు ఎందుకు దొరకవు?

పద్మజ: కీలకం సల్ఫేట్‌లో ఉంది. సముద్రపు నీటిలో అది ధారాళంగా ఉంటుంది. ఆక్సిజన్ అయిపోయిన తరువాత సముద్రపు బురదలోని బాక్టీరియాలు ఎక్కువగా సల్ఫేట్‌ను వాడుకుని, కుళ్లిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వదులుతాయి. అది ఇనుమును పట్టుకుని పైరైట్‌గా మార్చేస్తుంది. ఇక కార్బొనేట్‌తో కలవడానికి ఇనుము మిగలదు. మేజన్ క్రీక్‌లో నది మంచినీరు కలుస్తూ ఉండడం వల్ల సల్ఫేట్ తక్కువ, ఇనుము ఎక్కువ. అందుకే సిడరైట్‌కు వీలు చిక్కింది. దీనికి ఒండ్రు వేగం తోడైంది. కళేబరం రెండు రోజులు పైనే పడి ఉంటే పీతలూ పురుగులూ దాన్ని చీల్చి పంచుకునేవి.

మామూలు చోట్ల జరిగేది దీనికి వ్యతిరేకం. దట్టమైన అడవి నేలలో ప్రాణులకు కొదవ లేదు. కానీ ఆ నేల ఆమ్లంగా ఉండి ఎముకను కూడా కరిగించేస్తుంది, ఒండ్రు వచ్చి కప్పదు. వేగంగా పారే నదిలోని ముతక ఇసుకలో ఎముకలు అరిగిపోతాయి, నీరూ ఆక్సిజనూ లోపలికి సులువుగా దిగుతాయి. ఎక్కడ ఎక్కువ ప్రాణులు బతికాయో అక్కడే ఎక్కువ ఆనవాళ్లు దొరకాలని లేదు.

భాస్కర్: కణం కణం మారడం గురించి తప్పుగా చెప్పాను, ఒప్పుకుంటాను. కానీ ఈ గుండు కళేబరం కుళ్లుతున్న రోజుల్లోనే గట్టిపడిందని ఎలా తెలుసు? లక్షల ఏళ్ల తరువాత ఎప్పుడో నీరు దిగి రాయి కట్టి ఉండవచ్చు కదా?

పద్మజ: ఇది అడగవలసిన ప్రశ్నే. జవాబు గుండు చుట్టూ ఉన్న పలకరాతిలో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. బురద మీద బరువు పెరిగే కొద్దీ నీరు బయటికి పోయి పొరలు పలచబడతాయి. గుండు దగ్గర ఆ పొరలు దానికి పైనా కిందా వంగి, దిండు మీద పరిచిన దుప్పటిలాగా చుట్టుకుని వెళతాయి. గుండు లోపల మాత్రం అవే పొరలు ఎడంగా, నొక్కుడు పడకుండా ఉంటాయి. అంటే చుట్టూ ఉన్న బురద అణిగేనాటికే గుండు గట్టిపడి ఉంది. లోపలి ఆకుకు కొంత మందం మిగలడం, బయటి పలకలోని ఆకు కాగితంలా అణగిపోయి ఉండడం కూడా అదే చెబుతాయి. రోజులా, నెలలా, ఏళ్లా అని మాత్రం దీన్నిబట్టి తేల్చలేం.

నరేష్: అయితే నా దగ్గర ఉన్నది కూడా అలాంటిదే అయి ఉంటుంది. ఒక సున్నపురాయి పలక పగలగొడితే లోపల నల్లగా, చక్కని ఫెర్న్ ఆకులాంటి కొమ్మలు కనిపించాయి. పదేళ్లుగా శిలాజమని అందరికీ చూపిస్తున్నాను.

పద్మజ: నరేష్ గారూ, కొంచెం నిరాశ పరుస్తానేమో. ఆ కొమ్మలకు నడి ఈనె ఉందా? రెమ్మలన్నీ ఒక క్రమంలో, ఒకే తీరు ఎడంతో వచ్చాయా? పగులు అంచు నుండి లోపలికి పాకినట్టు ఉందా?

నరేష్: ఈనె లేదు. అంచు దగ్గర చిక్కగా మొదలై లోపలికి పోతూ పలచబడింది.

పద్మజ: అయితే అది చాలావరకు మాంగనీసు ఆక్సైడ్. రాతిలో పగులు ఏర్పడిన తరువాత దాని వెంట నీరు దిగుతూ కొమ్మల ఆకారంలో పేరబెట్టిన ఖనిజం. నిజమైన ఆకు పొర మీద పడి ఉంటుంది, పగులు వెంట పాకదు. అయినా పారేయకండి, చూడముచ్చటైన రాయి అది.

సుబ్రహ్మణ్యం: నరేష్ గారి రాతికే ‘శిలాజం’ అన్న మాట వ్యుత్పత్తి ప్రకారం నిక్కచ్చిగా సరిపోతుంది! అది నిజంగా శిలలోనే పుట్టింది. శాస్త్రం మాత్రం దానికి ఆ పేరు ఇవ్వదు.

శారద: చిరునవ్వు ఆపుకోలేకపోయాను. మరి శిలాజ ఇంధనం అంటున్నాం కదా, బొగ్గు సరే, చమురు రాయి కాదు గదా?

సుబ్రహ్మణ్యం: ఇంగ్లీషు మాట ‘ఫాసిల్’ లాటిన్‌లో తవ్వి తీసినది అనే అర్థం నుండి వచ్చింది. ఒకప్పుడు నేలలోంచి తవ్వి తీసిన ఖనిజాలకు కూడా ఆ మాట వాడేవారు. ఇంధనానికి ఆ పాత అర్థం చక్కగా అతుకుతుంది. తెలుగులోకి వచ్చేసరికి తవ్వడం పోయి శిల వచ్చి కూర్చుంది.

పద్మజ: అందుకే పిల్లలకు రాసేటప్పుడు ‘రాయిగా మారినది’ అని వివరించవద్దని నా మనవి. బంకలోని దోమ రాయిగా మారలేదు. మేజన్ క్రీక్ గుండ్లలో చాలాసార్లు మిగిలింది శరీరం కాదు, దాని అచ్చూ రంగు మరకా మాత్రమే. అక్కడ తప్ప ఎక్కడా దొరకని టల్లీ మాన్‌స్టర్ అనే జీవికి 1966లో శాస్త్రీయ నామం పెట్టారు. వేల నమూనాలు ఉన్నా దానికి వెన్నెముక ఉందా లేదా అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది. ఉందని 2016లో ఒక బృందం వాదించింది, 2023లో మరొక బృందం కాదంది. కుళ్లేటప్పుడు శరీర భాగాలన్నీ ఒకేసారి పోవు. ముందు పోయిన భాగం అసలు లేనే లేదని పొరపాటు పడే వీలుంది. చదునైన మరకలో ఏ గీత పేగు, ఏ గీత వెన్ను అన్నది అందుకే చిక్కుముడి.

భాస్కర్: ‘పురాజీవ అవశేషం’ అంటే ఎలా ఉంటుంది?

శారద: పురుగు పాకిన జాడ అవశేషం కాదండీ. ఆ పురుగు అక్కడ చావను కూడా లేదేమో. ‘శిలాజం’ అనే మాటనే ఉంచి, మొదటి వాక్యంలో ‘రాతిపొరల్లోనో మరోచోటనో నిలిచిన పాతకాలపు ప్రాణి జాడ’ అని రాస్తాను. సుబ్రహ్మణ్యం గారి ‘శిలయందు ఏర్పడినది’ పెద్దల కోసం రాసే వ్యాసానికి దాచుకుంటాను.

సుబ్రహ్మణ్యం: బాగుంది. పద్మజ గారూ, ఆ గుండ్లన్నిటిలోనూ ఏదో ఒక ప్రాణి ఉంటుందా?

పద్మజ: ఉండదండీ. చాలా గుండ్లు వట్టివే. వాటిని ఏరేవారు సుత్తితో కొట్టేకంటే నీళ్లలో నానబెట్టి, గడ్డకట్టించి, మళ్లీ కరిగించి, ఇలా పదేపదే చేసి బలహీనమైన తలం దగ్గర వాటంతట అవే విచ్చుకునేలా చూస్తారు. అన్నాళ్లు ఓపిక పట్టి చూస్తే లోపల ఒట్టి రాయే. కొన్నిటిలో ప్రాణి ఉండి, రాయి గట్టిపడేలోగా ఆనవాలు లేకుండా కుళ్లి ఉండవచ్చు. వాటన్నిటికీ అదే కారణమని మాత్రం అనలేను.

సుబ్రహ్మణ్యం: అయితే ప్రాణి వల్ల పుట్టి, ప్రాణి జాడ మిగలని ఆ రాతిని ఏమనాలి?

పద్మజ: మా వాళ్లు ఖాళీ గుండు అంటారు. అంతకంటే మంచి మాట మీరే చూడండి.