డయాలసిస్ రోగుల దాహంపై థీసిస్: మూడు పద్ధతుల్లో దేనిని ఎంచుకోవాలి?

ఎమ్మెస్సీ నర్సింగ్ విద్యార్థిని: హీమోడయాలసిస్ చేయించుకునేవారు నీళ్ళ పరిమితిని ఎలా నెట్టుకొస్తున్నారన్నది నా థీసిస్ అంశం. పన్నెండు మందిని ఇంటర్వ్యూ చేయడానికి ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చింది. సినాప్సిస్‌లో గ్రౌండెడ్ థియరీ అని రాశాను. మా గైడ్ ఫినామినాలజీ అంటున్నారు, సీనియర్లు థీమాటిక్ అనాలిసిస్ చాలంటున్నారు. ఏది సరైనది?

స్టాఫ్ నర్సు, విశాఖ: పన్నెండు మందే కాబట్టి ఫినామినాలజీకి వెళ్ళండి. గ్రౌండెడ్ థియరీకి అంతకంటే ఎక్కువ మంది కావాలి. ఏ పద్ధతి తీసుకున్నా, ఇక కొత్త విషయాలేవీ రావడం లేదని, అంటే సాచురేషన్ వచ్చిందని చివర్లో రాస్తే సరిపోతుంది.

డయాలసిస్ టెక్నీషియన్: రెండు డయాలసిస్‌ల మధ్య రోగి బరువు ఎంత పెరిగిందో రాసుకుంటే నీళ్ళ పరిమితి పాటిస్తున్నారో లేదో తెలిసిపోతుంది కదా, ఇంటర్వ్యూలు ఎందుకండీ?

నర్సింగ్ అధ్యాపకురాలు: టెక్నీషియన్ గారూ, బరువు చూస్తే ఎంత తాగారో అంచనా దొరుకుతుంది గానీ, తాగకుండా ఉండడానికి ఆ మనిషి ఏం చేశాడో, అప్పుడు అతనికి ఎలా ఉందో తెలియదు. ఈ అమ్మాయి అడుగుతున్నది దాని గురించే.

స్టాఫ్ నర్సు గారు చెప్పినట్టు గ్రౌండెడ్ థియరీకి సాధారణంగా ఎక్కువ మంది అవసరమవుతారన్నది నిజమే, కానీ పద్ధతిని నిర్ణయించేది ఆ సంఖ్య కాదు. ఒక రోగి ఇలా అన్నాడనుకుందాం: "నోరు పిడచ కట్టుకుపోతే ఐసు ముక్క పెట్టుకుంటాను, అది కరిగేదాకా ఎవరితోనూ మాట్లాడను." థీమాటిక్ అనాలిసిస్ చేసేవారు దీనికి 'దాహాన్ని మళ్ళించే ఉపాయాలు' వంటి కోడ్ ఇచ్చి, మిగతా ఇంటర్వ్యూలలో ఇలాంటివాటితో కలిపి, అందరిలోనూ కనిపించే అర్థాన్ని ఒక థీమ్‌గా నిలబెడతారు. ఫినామినాలజీ చేసేవారు ఆ మౌనం దగ్గరే ఆగి, ఐసు కరిగే ఆ కాసేపు అతనికి కాలం ఎలా గడిచింది, తన నోరు తనకే పరాయిదిగా తోచిందా అని తరచి చూస్తారు. గ్రౌండెడ్ థియరీ చేసేవారి ప్రశ్న వేరు: ఈ ఉపాయం ఎప్పుడు మొదలైంది, దానికి ముందు ఏం చేసేవాడు, ఏ పరిస్థితిలో అది పనిచేయక నీళ్ళు తాగేశాడు?

మీ ప్రశ్నలోని 'ఎలా నెట్టుకొస్తున్నారు' అన్న మాట గ్రౌండెడ్ థియరీకే దగ్గరగా ఉంది. చిక్కు మీ అనుమతి పత్రంలో ఉంది. 1967లో గ్లేసర్, స్ట్రాస్ ప్రతిపాదించిన ఈ పద్ధతిలో మొదటి రెండు మూడు ఇంటర్వ్యూలను విశ్లేషించాకే తర్వాత ఎవరిని కలవాలో తేలుతుంది. కొత్తగా డయాలసిస్ మొదలైనవారు, అయిదేళ్ళుగా చేయించుకుంటున్నవారు వేర్వేరుగా నెట్టుకొస్తున్నారని మీకు అనిపిస్తే, ఆ తేడాను పరీక్షించే రోగులనే వెతకాలి, అడిగే ప్రశ్నలనూ మార్చాలి. పన్నెండు మందీ, ప్రశ్నావళీ ముందే ఖరారైపోతే ఇది సాధ్యం కాదు. సవరణ కోరి కమిటీకి మళ్ళీ వెళ్ళే వ్యవధి ఉందా?

సాచురేషన్ గురించి కూడా ఒక మాట. అది గ్రౌండెడ్ థియరీ నుంచి వచ్చిన భావన. 2006లో థీమాటిక్ అనాలిసిస్‌కు ఆరు దశలు చెప్పిన బ్రౌన్, క్లార్క్‌లే తమ పద్ధతికి అది సరిపడదని తర్వాత వాదించారు.

పీహెచ్‌డీ విద్యార్థి, హైదరాబాద్: నేను ఎమ్మెస్సీలో సరిగ్గా ఈ పొరపాటే చేశాను. ఇంటర్వ్యూలన్నీ ముగించి, ఆ తర్వాత కోడింగ్‌కు కూర్చుని, అయిదు థీమ్‌లు రాసి, దానికి గ్రౌండెడ్ థియరీ అని పేరు పెట్టాను. "మీ థియరీ ఏది? ఈ అయిదింటిని కలిపే ప్రక్రియ ఏది?" అని వైవాలో అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది. అది మంచి థీమాటిక్ అనాలిసిస్‌గా నిలబడేది, పేరు తప్పు పెట్టడం వల్లనే పడిపోయింది.

ఎమ్మెస్సీ నర్సింగ్ విద్యార్థిని: సవరణకు వ్యవధి లేదు మేడమ్. ఫినామినాలజీ తీసుకుందామంటే, నేను అదే డయాలసిస్ యూనిట్‌లో మూడేళ్ళు పనిచేశాను. నీళ్ళు తాగి వచ్చిన రోగుల మీద విసుక్కున్న రోజులున్నాయి. నా అభిప్రాయాలను పక్కన పెట్టగలనా?

నర్సింగ్ అధ్యాపకురాలు: పూర్తిగా పక్కన పెట్టగలమని నేను నమ్మను. ఇంటర్వ్యూలకు ముందే ఆ విసుగును కాగితం మీద పెట్టి, విశ్లేషణ చేస్తూ మళ్ళీ మళ్ళీ చదువుకోండి. తర్వాత, ఫినామినాలజీలో కొలైజ్జీ చెప్పిన విధానంలోని చివరి అడుగు ప్రకారం, మీరు రాసిన వర్ణనను రోగులకే చూపించి సరిచూసుకోవచ్చు.

పీహెచ్‌డీ విద్యార్థి, హైదరాబాద్: ఆ చివరి అడుగుతో నేను ఏకీభవించలేను మేడమ్. ఫినామినాలజీలోనే మరో విధానం చెప్పిన జియోర్జీ దానికి ఒప్పుకోలేదు. అనుభవించినవారు అనుభవాన్ని చెప్పగలరు గానీ, దాని నిర్మాణాన్ని తూచడం పరిశోధకుల పని అన్నది ఆయన వాదన. పైగా ఈమె వారికి తెలిసిన సిస్టర్. ఆమె చూపిస్తే ఎవరు కాదంటారు? యూనిట్‌లో మంచం మీద ఉండగా కాక, బయట వేరే గదిలో ఇంటర్వ్యూ చేయడం అంతకంటే ముఖ్యం.

నర్సింగ్ అధ్యాపకురాలు: సిస్టర్ ముందు కాదనలేరన్నది ఒప్పుకుంటాను. అయినా రోగికి చూపకుండా ముగించడం నాకు ఇప్పటికీ సమ్మతం కాదు.

ఎమ్మెస్సీ నర్సింగ్ విద్యార్థిని: అయితే 'ఎలా నెట్టుకొస్తున్నారు' అన్న మాటను 'దాహంతో బతకడం ఎలా ఉంటుంది' అని మార్చి ఫినామినాలజీకి వెళ్ళాలా, లేక ప్రశ్నను అలాగే ఉంచి థీమాటిక్ అనాలిసిస్ అని రాయాలా అన్నది మా గైడ్‌తో కూర్చుని తేల్చుకుంటాను. సినాప్సిస్‌లో గ్రౌండెడ్ థియరీ అన్న పేరు మాత్రం ఈరోజే తీసేస్తున్నాను.