క్యాట్ ఆర్డర్ వచ్చింది, గెలిచామో ఓడామో అర్థం కావడం లేదు

ఇన్‌స్పెక్టర్_2011: కేంద్ర ఉద్యోగుల సర్వీసు కేసులు చూసే ట్రిబ్యునల్, హైదరాబాద్ క్యాట్‌లో మేం వేసిన ఓఏ పిటిషన్ మీద ఆర్డర్ చేతికొచ్చింది. 31 పేజీలు. నేను 2009-10 ఖాళీకి డైరెక్ట్‌గా ఎంపికై 2011 జూన్‌లో చేరాను. 2013 సీనియారిటీ జాబితాలో నన్ను 2009-10 వాళ్లతో కలిపారు. 2022లో జాబితా మార్చి, చేరిన తేదీ లెక్కన కిందికి దింపారు. నా వెనక ఉన్న ప్రమోటీలు సూపరింటెండెంట్లు అయిపోయారు. 14వ పేరాలో "చేరకముందు కాలానికి సీనియారిటీ ఇవ్వరాదు" అని ఉంది. పోయినట్టేనా? లాయరు గారు ఫోన్ ఎత్తడం లేదు, టెన్షన్‌గా ఉంది.

కృష్ణాతీరం: పోయినట్టే. డైరెక్ట్‌గా ఎంపికైన వాళ్లకు ఖాళీ ఏడాది లెక్కన సీనియారిటీ ఇవ్వాలన్న 2012 నాటి పర్మార్ తీర్పును 2019లో మేఘచంద్ర సింగ్ కేసులో సుప్రీంకోర్టు పక్కన పెట్టింది. సీనియారిటీ చేరిన రోజు నుంచే.

రిటైర్డ్_సెక్షన్: తొందరపడకండి. ఆ పేరా ఎలా మొదలైందో చూడండి. "రెస్పాండెంట్స్ తరఫు కౌన్సెల్ సబ్మిట్ చేశారు" అని ఉంటే అది శాఖ వాదన, ట్రిబ్యునల్ మాట కాదు. ముందు చివరి పేరా చదవండి.

ఇన్‌స్పెక్టర్_2011: నిజమే సార్, అది వాళ్ల వాదనే! చివర్లో ఇలా ఉంది: మా వరకు 2022 జాబితా రద్దు, 2013 స్థానం తిరిగి ఇవ్వాలి, కాపీ అందిన మూడు నెలల్లో ప్రమోషన్లు తేల్చే కమిటీ, అంటే రివ్యూ డీపీసీ పెట్టి ప్రమోషన్‌కు "కన్సిడర్" చేయాలి, ఇచ్చే ప్రమోషన్ నోషనల్, ఎరియర్స్ లేవు.

పంచాయతీరాజ్_గోపి: నేను స్టేట్ ఉద్యోగిని, నాదీ ఇదే గొడవ. క్యాట్‌లో వేయొచ్చా?

రిటైర్డ్_సెక్షన్: గోపీ, మీకు క్యాట్ కాదు, హైకోర్టు. రాష్ట్ర ట్రిబ్యునల్ రెండు చోట్లా ఎత్తేశారు.

ఇన్‌స్పెక్టర్ గారూ, మీరు గెలిచింది సీనియారిటీ. ప్రమోషన్ ఇంకా గెలవలేదు. "కన్సిడర్" అంటే డీపీసీ మీ పేరు చూడాలని మాత్రమే. అప్పటి పనితీరు రిపోర్టులు, అదే ఏపీఏఆర్‌లు, విజిలెన్స్ బాగుంటే ఇస్తుంది. ఇచ్చినా మీ జూనియర్ ప్రమోషన్ తేదీ నుంచి జీతం కాగితం మీద లెక్కకట్టి, డబ్బు మాత్రం కొత్త పోస్టులో చేరాకే ఇస్తారు. ఇంట్లో లక్షల లెక్కలు వేసి ఉంటే ఇప్పుడే చెప్పేయండి.

కృష్ణాతీరం: మరి 2019 తీర్పు సంగతేంటి?

రిటైర్డ్_సెక్షన్: పర్మార్ ప్రకారం అప్పటికే ఖరారైన సీనియారిటీ జోలికి పోమని ఆ తీర్పే చెప్పింది. మీరు సగమే చదివారు. అయితే ఆ తీర్పు సరైనదేనా అన్న ప్రశ్నను 2022లో సుప్రీంకోర్టే పెద్ద బెంచికి పంపింది. ఇన్‌స్పెక్టర్ గారూ, 2013 జాబితా ఫైనలా, డ్రాఫ్టా?

ఇన్‌స్పెక్టర్_2011: డ్రాఫ్ట్ అని లేదు. కింద చిన్న అక్షరాల్లో "కోర్టు కేసుల ఫలితానికి లోబడి" అని ఉంది.

రిటైర్డ్_సెక్షన్: శాఖ హైకోర్టుకు వెళితే పట్టుకునేది ఆ లైనే. రిట్ వేసినంత మాత్రాన మూడు నెలల గడువు ఆగదు, స్టే రావాలి. రేపే ఆర్డర్ కాపీ జతచేసి ఆఫీసులో రిప్రజెంటేషన్ ఇచ్చి, మీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి.