టెండర్‌లో సందేహం అడగాలి, మన రేటు లెక్క బయటపడకూడదు. ఎలా రాయాలి?

సర్వీస్ కిరణ్
60 ఎయిర్ హ్యాండ్లింగ్ యూనిట్ల నిర్వహణకి మూడేళ్ల టెండర్ వేస్తున్నాం. క్లాజ్ 5.3లో ఫిల్టర్లు మూడు నెలలకోసారి మార్చాలని ఉంది. అనుబంధం సిలో మాత్రం ఫిల్టర్‌కి అటూఇటూ పీడన తేడా తయారీదారు చెప్పిన హద్దు దాటినప్పుడు మార్చాలట. మొదటి లెక్కన మూడేళ్లకి 720 ఫిల్టర్లు. రెండో లెక్కన ఏడాదికి రెండుసార్లు చాలనుకుంటున్నాం, అంటే 360. మా రేటు తగ్గేది అక్కడే. నేను ఇలా రాశాను:

"మేము పీడన తేడా మీటర్లు పెట్టి అవసరమైనప్పుడే ఫిల్టర్లు మారుస్తాం, దానివల్ల ఖర్చు తగ్గుతుంది. ఇది అంగీకారమేనా?"

పంపేయొచ్చా?

కొత్త కాంట్రాక్టర్
పంపేయండి బ్రదర్. జవాబులు అందరికీ పెట్టేటప్పుడు అడిగినవాళ్ల పేరు తీసేస్తారు.

బిడ్ డెస్క్
పేరు తీసేస్తారు, నిజమే. కానీ చాలాచోట్ల ప్రశ్నని మీరు రాసింది రాసినట్టే పెట్టేస్తారు. కిరణ్ గారి ప్రశ్న చదివిన ప్రతి పోటీదారుకీ మీటర్ల ఉపాయం ఉచితంగా దొరుకుతుంది. "ఖర్చు తగ్గుతుంది" అన్న ముక్కతో ఎక్కడ తగ్గించాలో కూడా తెలిసిపోతుంది. "ప్రస్తుత కాంట్రాక్టులో మా అనుభవం ప్రకారం" అని మొదలుపెట్టేవాళ్లూ ఉంటారు. వాళ్ల పేరు తీసేసి ఏం లాభం, ఎవరో అందరికీ తెలుసు!

కిరణ్ గారూ, మీరు ఏం చేస్తారో రాయకండి. పత్రంలో ఏముందో మాత్రం రాయండి:

"క్లాజ్ 5.3 ప్రకారం ఫిల్టర్ల మార్పిడి మూడు నెలలకోసారి. అనుబంధం సి, పట్టిక 2 ప్రకారం పీడన తేడా హద్దు దాటినప్పుడు. (అ) క్లాజ్ 5.3 వర్తిస్తుందా, (ఆ) పట్టిక 2 వర్తిస్తుందా, (ఇ) రెండిట్లో ఏది ముందు వస్తే అదా? దయచేసి తెలపగలరు."

మూడు దారులూ ఒకే బరువుతో ఉన్నాయి చూడండి. మీకు ఏది కావాలో ఇందులో కనపడదు. (ఇ) లేకపోతే మాత్రం ఇబ్బందే. ఆఫీసు వాళ్లే ఆ మూడో దారి కనిపెట్టి, మీరు అడగని షరతు కలిపేస్తారు.

స్టేషనరీ సప్లయర్
మాకు బిడ్లు తెరిచాక ఆఫీసు నుంచే లెటరొచ్చింది, రేటు విభజన చూపించమని. దానికి ఏం రాయాలి?

బిడ్ డెస్క్
అది వేరే సంగతి సర్, అక్కడ వాళ్లు అడుగుతున్నారు, మీరు చెప్పాలి. విడిగా పోస్టు పెట్టండి, చూద్దాం.

రమ్య ఎస్టిమేషన్
నాదో అనుమానం. ఎంత తటస్థంగా రాసినా, ఫిల్టర్ల మీద ఒక్కటే ప్రశ్న వస్తే "ఇక్కడేదో ఉంది" అని వేలు పెట్టి చూపించినట్టే కదా? మేమైతే పట్టిక 2లో ఉన్న బెల్టులు, గ్రీజు, ఫిల్టర్లు మూడింటినీ కలిపి, కాలవ్యవధి ఏ క్లాజ్ ప్రకారమో వస్తువారీగా చెప్పమని అడుగుతాం. ఫిల్టర్ మధ్యలో ఎక్కడో ఉంటుంది.

బిడ్ డెస్క్
బాగుంది, అయితే ఆ మిగతా రెండిట్లోనూ నిజంగా తేడా ఉండాలి. లేకుండా ఊరికే కలిపితే "టెండర్ షరతుల ప్రకారం" అని ఒక్క ముక్కలో జవాబొస్తుంది. ఆ జవాబు వచ్చాక మళ్లీ అడగడానికి గడువు ఉండదు. "వస్తువారీగా" అన్న మాట మాత్రం తీసేయకండి, వాళ్లని గీత గీసి నిలబెట్టేది అదే.

సర్వీస్ కిరణ్
బెల్టులకీ తేడా ఉంది, ఇప్పుడే చూశాను. గ్రీజుకి లేదు. పోనీ, అసలు అడగకుండా 360కే రేటు వేస్తే?

బిడ్ డెస్క్
ముందు పత్రాల ప్రాధాన్య క్రమం ఎక్కడుందో చూడండి. అనుబంధాల కంటే క్లాజ్‌లే పైన అని ఉంటే మీ ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది, 720. ఆ క్రమం లేకపోతే రేటు రెండు రకాలుగానూ కట్టండి. 360కి వేసి గెలిచాక 720 మార్చమంటే ఆ నష్టం భరించగలరా? భరించలేకపోతే అడగాల్సిందే. "పట్టిక 2 ప్రకారం మాత్రమే" అని బిడ్‌లో షరతు రాద్దామనుకోకండి, షరతులున్న బిడ్‌ని పక్కన పెట్టేసే ఆఫీసులే ఎక్కువ.

రమ్య ఎస్టిమేషన్
నేను ఒప్పుకోను. జవాబు (ఆ) అని వస్తే అందరూ రేటు తగ్గిస్తారు, కిరణ్ గారికి మిగిలేదేమీ లేదు. అడగకపోతే, గెలిచాక పత్రంలోని అస్పష్టత రాసినవాళ్ల మీదే పడుతుందని వాదించొచ్చు.

బిడ్ డెస్క్
ఆ వాదన కంటికి కనపడని అస్పష్టతకైతే నిలబడొచ్చు. ఇక్కడ రెండు పేజీలు పక్కపక్కన పెడితే ఎవరికైనా కనపడుతుంది. "చూసి కూడా ఎందుకు అడగలేదు" అని తిరిగి మిమ్మల్నే నిలదీస్తారు. ఇక పీడన తేడా చూసి మార్చే ఉపాయం మీటర్లు ఉన్నవాళ్లకే పనికొస్తుంది కాబట్టి (ఆ) వచ్చినా అందరూ మీ అంత తగ్గించలేరు.

కొత్త కాంట్రాక్టర్
ప్రీబిడ్ మీటింగ్‌లో నోటితో అడిగేస్తే పోలా?

రమ్య ఎస్టిమేషన్
అక్కడ పోటీదారులంతా ఎదురుగానే కూర్చుంటారు అండీ. పైగా రాతపూర్వకంగా రాని జవాబు రేపు పనికిరాదు.

సర్వీస్ కిరణ్
ప్రాధాన్య క్రమం చూశాను. క్లాజ్‌లు, డ్రాయింగులు, రేట్ల పట్టిక ఉన్నాయి. అనుబంధాల ఊసే లేదు. బెల్టులు, ఫిల్టర్లు కలిపి మూడు దారులతో రేపు పంపుతున్నాను. పీడీఎఫ్ ఫైల్ పేరు "ఫిల్టర్ సేవింగ్" అని ఉంది, అది మార్చాలి.

రమ్య ఎస్టిమేషన్
లోపల రచయిత పేరు, పాత శీర్షిక కూడా చూడండి. నేనైతే ఇప్పటికీ అడగను.